కథ చెప్పకండి, చదివించండి

మన సినిమా వాళ్లకు నేరేషన్ అలవాటు. దర్శకుడు కూర్చుని, చేతులు ఊపుతూ, రీరికార్డింగ్ కూడా నోటితోనే ఇస్తూ కథ చెబుతాడు. బాగా చెప్పగలిగినవాడి నోట పేలవమైన సీను కూడా పండుతుంది. చిక్కంతా అక్కడే. విన్నవాళ్లు మెచ్చింది చెప్పిన తీరునో, కాగితం మీదున్న కథనో తేలదు. షార్ట్ ఫిలిం తీసే కుర్రాళ్లు చాలామంది ఆ మెప్పును నమ్ముకుని షూటింగ్‌కి వెళ్తారు, లోపం ఎడిటింగ్‌లో గానీ కనపడదు. దాన్ని ముందే పట్టుకోవడానికే టేబుల్ రీడ్. పరిషత్తు నాటికలాడే సమాజాల్లో జరిగే రీడింగు దీనికి దగ్గరి చుట్టమే. కాకపోతే అక్కడ నటులకు మాటలు పట్టుబడటానికి చదువుతారు, ఇక్కడ స్క్రిప్టు లోపాలు బయటపడటానికి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పన్నెండు పేజీల స్క్రిప్టు. పల్లెలో ఒంటరిగా ఉంటున్న తండ్రిని తనతో సిటీకి తీసుకెళ్లాలని కొడుకు వస్తాడు. మాటా మాటా పెరిగి ఏడో పేజీలో గొడవవుతుంది. నాలుగు పాత్రలకు నలుగురు, సీను వర్ణనలు చదవడానికి మరొకరు, కథ గురించి ఏమీ తెలియని శ్రోతలు ముగ్గురు నలుగురు. ఇంతమంది చాలు. రచయిత మాత్రం చదవకూడదు. ఎక్కడ ఆగాలో, ఏ మాట నొక్కాలో అతనికి తెలుసు కాబట్టి రాయనిది కూడా గొంతుతో వినిపించేస్తాడు. చదివేవాళ్లు మహానటులు కానక్కర్లేదు. ఆ మాటకొస్తే, మంచి నటుడు చచ్చు డైలాగును కూడా బతికించి మనల్ని మోసం చేస్తాడు. ఒక రోజు ముందు కాపీలు ఇవ్వండి, కథ మాత్రం వివరించకండి. పొడుగాటి వర్ణనలను ఒకటి రెండు వాక్యాలకు కుదించండి, లేకపోతే శ్రోతలకు నిద్రొస్తుంది.

చదువుతున్నంతసేపూ రచయిత పని వినడం, పెన్సిలుతో గుర్తులు పెట్టుకోవడం. ఎక్కడ నవ్వారు, ఎక్కడ కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు, ఏ వాక్యం దగ్గర నాలుక తడబడింది? ఒకే వాక్యం దగ్గర ఇద్దరు తట్టుకున్నారంటే అది నోటికి కాక కంటికి రాసిన మాట. మధ్యలో ఆపి సర్దిచెప్పడం కుదరదు. సమయం చూసుకోండి గానీ పూర్తిగా నమ్మకండి. పేజీకి నిమిషం అన్నది ఉజ్జాయింపు లెక్క. ‘తండ్రి బావి దగ్గరకు నడిచాడు’ అని చదవడానికి రెండు సెకన్లు చాలు, తెర మీద అది అర నిమిషం నడవవచ్చు.

ఇక అభిప్రాయాలు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది, మనవాళ్ల మర్యాద అలాంటిది. పైగా మొదట మాట్లాడినవాడు ఎటంటే మిగతావాళ్లూ అటే ఒరుగుతారు. అందుకే చర్చకు ముందే తలా ఒక కాగితం ఇచ్చి మూడు ప్రశ్నలకు జవాబులు రాయమనండి. కథలో ఏం జరిగింది? ఎక్కడ మనసు పక్కకు పోయింది? కొడుకు ఎందుకొచ్చాడు? అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన విమర్శ పద్ధతిలోనూ అభిప్రాయాల వంతు చివరనే. ముందు శ్రోతలు తమను తాకినదేమిటో చెబుతారు, తర్వాత కళాకారుడు ప్రశ్నలడుగుతాడు, ఆపైన శ్రోతలు అడుగుతారు. సలహా లాంటిది చెప్పాలంటే కళాకారుడి అనుమతి తీసుకోవాలి.

మన ఉదాహరణలో కాగితాలు ఇలా వచ్చాయనుకోండి. ఏడో పేజీ గొడవ అతిగా ఉందని ఒకరు, కొడుకును కాస్త మంచివాడిగా చూపించమని ఒకరు, చనిపోయిన తల్లి ఫ్లాష్‌బ్యాక్ పెట్టమని ఇంకొకరు. మూడు సలహాలూ పాటిస్తే స్క్రిప్టు పద్దెనిమిది పేజీలవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు చూడండి: పొలం అమ్మించడానికి వచ్చాడని ఎక్కువమంది రాశారు. అంటే తప్పు గొడవలో లేదు. రెండో పేజీలో కొడుకు వస్తూనే పొలం రేటు అడగడంలో ఉంది. రచయిత దాన్ని మామూలు పలకరింపుగా రాసుకున్నాడు, శ్రోతలు ఉద్దేశంగా విన్నారు. ఆ మాట తీసేసి, తండ్రి కోసం సిటీ ఇంట్లో కింది గదిని ఖాళీ చేయించానని ఒక్క ముక్క అనిపిస్తే, గొడవలో అక్షరం మార్చకపోయినా అది వేరేగా వినపడుతుంది.

ఫిర్యాదు వచ్చిన చోటు, కారణం ఉన్న చోటు చాలాసార్లు ఒకటి కావు. శ్రోత తన ఇబ్బంది చెబితే నమ్మండి. మందు చెబితే రాసుకుని, దాని వెనకున్న ఇబ్బంది ఏమిటో వెతకండి. ఒక్కరికే నచ్చనిది అభిరుచి కావచ్చు, ముగ్గురు ఒకే చోట ఆగితే వెనక్కి వెళ్లి నాలుగైదు పేజీలు తిరగేయండి. దిద్దుబాటు ఆ రాత్రే మొదలుపెట్టకండి, ఒకటి రెండు రోజులు ఆగితే రోషం తగ్గి జవాబులు సరిగ్గా కనపడతాయి.

మాటలు తక్కువగా ఉండి, బొమ్మల మీదే నడిచే స్క్రిప్టుకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు, దానికి స్టోరీబోర్డు మేలు. మాటల మీద నడిచే కథైతే, దిద్దాక మళ్లీ ఒకసారి చదివించండి. శ్రోతలను మాత్రం మార్చండి. పాతవాళ్లకు కొడుకు ఎందుకొచ్చాడో ఈపాటికి తెలిసిపోయింది.