చివరి పావు నీటికి సగం సమయం

మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. లోపల నీరు మీటరు ఎత్తు, ట్యాంకు అడుగు వైశాల్యం చదరపు మీటరు. అడుగున 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న రంధ్రం తెరిచి కింద 15 లీటర్ల బకెట్ పెడితే 11న్నర సెకన్లలో నిండుతుంది. ఈ లెక్కన వెయ్యి లీటర్లూ దాదాపు 13 నిమిషాల్లో పోవాలి. కానీ 13 నిమిషాలయ్యాక చూస్తే ట్యాంకులో ఇంకా పావు వంతు నీరు ఉంటుంది. అది పోవడానికి మరో 13 నిమిషాలు పడుతుంది.

దీనికి మూలమైన సూత్రాన్ని గెలీలియో శిష్యుడు టారిచెల్లి 1644లో ప్రకటించాడు. నీటిమట్టం ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తు నుంచి పడిన వస్తువుకు ఎంత వేగం వస్తుందో, రంధ్రం నుంచి నీరు అంత వేగంతో బయటికొస్తుంది. మీటరు ఎత్తుకు అది సెకనుకు 4.4 మీటర్లు. ఎత్తు పావుకు తగ్గితే వేగం సగమవుతుంది. పైగా పదునైన అంచు దాటగానే ధార సన్నబడుతుంది కాబట్టి, రంధ్రం వైశాల్యంలో సుమారు 60 శాతమే లెక్కలోకి వస్తుంది. పైన చెప్పిన బకెట్ లెక్కలో ఇది కలిసే ఉంది.

మరి మొత్తం సమయం సరిగ్గా రెట్టింపు ఎందుకు? పైకి విసిరిన బంతిని తలచుకోండి. దాని వేగం క్షణక్షణం ఒకే తీరున తగ్గుతూ సున్నాకు చేరుతుంది. ట్యాంకులో మట్టం దిగే వేగం కూడా అంతే. మొదట ఉన్నది పూర్తి వేగం, చివర సున్నా, కాబట్టి సగటు అందులో సగం. సగటు వేగం సగమైతే సమయం రెట్టింపు. వేగం సగానికి పడేసరికి సగం సమయం గడిచిపోతుంది, కానీ అప్పటికే మట్టం పావుకు దిగి ఉంటుంది.

గోడలు నిటారుగా ఉండి, నీరు నేరుగా అడుగు రంధ్రం నుంచే పడితేనే ఈ రెట్టింపు లెక్క నిలుస్తుంది. కిందికి వెడల్పు తగ్గే గరాటు లాంటి పాత్రలో చివరి నీరు తక్కువే కాబట్టి అంత ఆలస్యం ఉండదు. ట్యాంకు అడుగు నుంచి మూడు మీటర్ల పైపు నిలువుగా దిగి, నిండుగా పారుతుంటే కథ మారుతుంది. అప్పుడు లెక్కించాల్సిన ఎత్తు పైపు చివర నుంచి కాబట్టి, అది నాలుగు మీటర్ల నుంచి మూడుకు మాత్రమే తగ్గుతుంది. ధార పెద్దగా నెమ్మదించదు. మొదటి బకెట్ లెక్కకు సుమారు ఏడు శాతం కలిపితే చాలు.

మట్టం బాగా దిగాక రంధ్రం మీద సుడి ఏర్పడి గాలిని లోపలికి లాగితే, లెక్క కన్నా ఆలస్యమవుతుంది. మూత బిగించి గాలి దారి మూసేసినా అంతే. ధార ఆగి ఆగి, గుడగుడమంటూ వస్తుంటే తప్పు రంధ్రానిది కాదు, మూత తెరిచి చూడాలి.