మరిగే నీటిలోనూ చావని బ్యాక్టీరియా

నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంటే అందులోని బ్యాక్టీరియాలో దాదాపు అన్నీ నిమిషాల్లో చనిపోతాయి. టైఫాయిడ్, కలరా కలిగించే క్రిములకు 70 డిగ్రీలే ఎక్కువ. కానీ మట్టిలో, గడ్డిలో, ధాన్యంలో ఉండే బాసిల్లస్, క్లాస్ట్రిడియం అనే రెండు ప్రజాతుల బ్యాక్టీరియా గంటసేపు మరిగించిన తర్వాతా బతికి మళ్లీ పెరగగలవు. అలా బతికేది మామూలు రూపంలో ఉన్న కణం కాదు. ఆ రూపంలో వాటికీ 80 డిగ్రీల వేడి పది నిమిషాలు తగిలితే చావు తప్పదు. వేడిని తట్టుకునేది అవి తమ లోపల తయారు చేసుకునే అంతస్సిద్ధబీజం. శాస్త్రజ్ఞులు ఎండోస్పోర్ అనేది దీన్నే. ఎండుగడ్డి కషాయంలో పెరిగే బాసిల్లస్ సబ్టిలిస్‌లో దీన్ని 1876లో ఫెర్డినాండ్ కోన్ వర్ణించాడు. అదే ఏడాది రాబర్ట్ కాఖ్ ఆంత్రాక్స్ బ్యాక్టీరియాలో సిద్ధబీజాలను చూపించాడు.

ఇది సంతానోత్పత్తి కాదు. ఒక కణం నుంచి సాధారణంగా ఒకే బీజం వస్తుంది, అది మొలిస్తే మళ్లీ ఒకే కణం వస్తుంది. ఆహారం అయిపోయిన కాలాన్ని గట్టెక్కడానికి బ్యాక్టీరియా ఎంచుకునే దారి ఇది. ఎంచుకోవడం అన్న మాట ఇక్కడ అతిశయోక్తి కాదు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఆహారం తగ్గిన సంకేతాలన్నీ చివరికి స్పో-జీరో-ఏ అనే ఒక ప్రొటీన్ దగ్గరికి చేరతాయి. ఆ ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ అతుక్కోవడం ఒక స్థాయి దాటితేనే బీజం తయారీ మొదలవుతుంది. ఆ పని పూర్తయ్యేసరికి ఏడెనిమిది గంటలు పడుతుంది, మాతృకణం ప్రాణమూ పోతుంది. అందుకే మిగతా ఉపాయాలన్నీ విఫలమైతే తప్ప కణం ఈ దారి పట్టదు.

మామూలుగా విభజన జరిగేటప్పుడు కణం సరిగ్గా మధ్యలో గోడ కట్టుకుంటుంది. బీజం తయారీలో మాత్రం ఆ గోడ ఒక కొసకు దగ్గరగా లేస్తుంది. దాంతో కణం ఒక చిన్న గదిగా, ఒక పెద్ద గదిగా విడిపోతుంది. చిన్నది రేపటి బీజం, పెద్దది మాతృకణం. గోడ లేచే సమయానికి చిన్న గదిలో క్రోమోజోములో మూడో వంతు మాత్రమే ఉంటుంది. మిగిలిన రెండు వంతుల డీఎన్‌ఏను గోడలో అమరిన ఒక ప్రొటీన్ యంత్రం లోపలికి లాగుతుంది. తర్వాత మాతృకణపు పొర చిన్న గది చుట్టూ పాకి, దాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఇప్పుడు ఒక కణం లోపల, రెండు పొరల మధ్య మరో కణం ఉన్నట్టు. ఇక్కడి నుంచి మాతృకణం చేసేదంతా ఆ లోపలి కణం కోసమే. రెండు పొరల మధ్య కార్టెక్స్ అనే మందపాటి పెప్టిడోగ్లైకాన్ కవచం పేరుస్తుంది. దానిపై డజన్ల రకాల ప్రొటీన్లతో గట్టి పెంకు కడుతుంది. డైపికోలినిక్ ఆమ్లం అనే పదార్థాన్ని తయారు చేసి, కాల్షియంతో కలిపి బీజగర్భంలోకి పంపుతుంది. చివరికి పగిలిపోయి, బీజాన్ని బయటికి వదులుతుంది.

క్లాస్ట్రిడియంలోనూ వరుస ఇంచుమించు ఇదే. ఈ ప్రజాతికి ఆక్సిజన్ పడదు. కాబట్టి గాలి తగిలే చోట నెలలు, సంవత్సరాలు నిలవాలంటే దానికి సిద్ధబీజమే ఆధారం. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటానిలో బీజం ఒక కొసన ఉబ్బి ఉండటంతో, సూక్ష్మదర్శినిలో ఆ కణాన్ని చూడగానే గుర్తుపట్టవచ్చు.

వేడిని తట్టుకునే శక్తి బీజానికి పెంకు వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. పెంకు రసాయనాలను, జీర్ణరసాలను అడ్డుకుంటుంది గానీ వేడి దాన్ని దాటి క్షణంలో లోపలికి చేరుతుంది. మరుగుతున్న నీటిలో ఉన్న బీజం లోపల కూడా 100 డిగ్రీలే ఉంటుంది. అసలు రహస్యం నీటి కొరతలో ఉంది. మామూలు బ్యాక్టీరియా కణం బరువులో దాదాపు 80 శాతం నీరు. బీజగర్భంలో అది 25 నుంచి 50 శాతమే. కార్టెక్స్ గర్భాన్ని ఉబ్బనివ్వదు. నీరు ఉండాల్సిన చోటును కాల్షియం, డైపికోలినిక్ ఆమ్లం ఆక్రమిస్తాయి. బీజపు పొడి బరువులో ఈ ఆమ్లమే 5 నుంచి 15 శాతం ఉంటుంది. ఇవి కాక చిన్న చిన్న ప్రొటీన్లు డీఎన్‌ఏకు ఒరలా అంటుకుని దాన్ని కాపాడతాయి.

నీరు లేకపోవడం వేడి నుంచి ఎలా కాపాడుతుందో కోడిగుడ్డు తెల్లసొన చూపిస్తుంది. పచ్చి తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలవుతుంది. మడతలుగా అమరిన దాని ప్రొటీన్లు విప్పుకుని, ఒకదానికొకటి చిక్కుకుంటాయి. అదే తెల్లసొనను ఎండబెట్టి పొడి చేస్తే, 65, 70 డిగ్రీల గదిలో రోజుల తరబడి ఉంచినా నీటిలో కలిసే గుణం పోదు. ప్రొటీన్ విప్పుకోవాలంటే చుట్టూ కదలాడే నీరు కావాలి. బీజగర్భంలోని ప్రొటీన్లకు అది దొరకదు. తడి వేడికి బీజం చచ్చేది డీఎన్‌ఏ తెగిపోవడం వల్ల కాదు, ఏదో ఒక కీలకమైన ప్రొటీన్ చెడిపోవడం వల్లనే. ఆ చెడటాన్ని నీటి కొరత ఆలస్యం చేస్తుంది.

ఆలస్యం చేస్తుంది, అంతే. మరిగించడం వల్ల బీజాలు అసలు చావవనుకోవడం పొరపాటు. చస్తాయి, చాలా నెమ్మదిగా. ఈ లెక్కను డబ్బా ఆహార పరిశ్రమ ఒక శతాబ్దం కిందటే తేల్చింది. 1919లో అమెరికాలో డబ్బాల్లో, సీసాల్లో నిల్వ చేసిన ఆలివ్ పండ్లు తిని కొందరు బొటులిజంతో చనిపోయారు. కారణం క్లాస్ట్రిడియం బొటులినం. గాలి లేని డబ్బాలో దాని బీజాలు మొలిచి, నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారు చేస్తాయి. ఆ తర్వాత ఎస్టీ, మెయర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ బీజాలు ఏ వేడికి ఎంతసేపట్లో చస్తాయో కొలిచి 1922లో ప్రకటించారు. కోట్ల కోట్ల బీజాలను పూర్తిగా చంపడానికి 100 డిగ్రీల వద్ద 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు పట్టింది. 121 డిగ్రీల వద్ద మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంత తేడా ఎందుకో తెలియాలంటే బీజాల చావు లెక్క చూడాలి. ఒక వేడి వద్ద ఉన్న బీజాల్లో పదింట తొమ్మిది చావడానికి పట్టే సమయాన్ని డి-విలువ అంటారు. ఈ రకం బొటులినం బీజాలకు 121 డిగ్రీల వద్ద అది 0.21 నిమిషం, అంటే 13 సెకన్లు. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడు ఆ సమయం పది రెట్లవుతుంది. ఆ లెక్కన 100 డిగ్రీల వద్ద డి-విలువ 26 నిమిషాలకు చేరుతుంది. ఒక డబ్బాలో వెయ్యి బీజాలు ఉన్నాయనుకుందాం. 26 నిమిషాలు మరిగిస్తే వంద మిగులుతాయి. 52 నిమిషాలకు పది. గంటా పద్దెనిమిది నిమిషాలకు ఇంకా ఒకటి. ఆ ఒక్కటీ మొలిస్తే చాలు. పరిశ్రమ కోరేది ఇలాంటి పన్నెండు మెట్లు, అంటే లక్ష కోట్లలో ఒక్కటి మాత్రమే మిగిలేంత భద్రత. 121 డిగ్రీల వద్ద అది రెండున్నర నిమిషాల పని. 100 డిగ్రీల వద్ద ఐదు గంటలకు పైగా మరిగించాలి. అంతసేపట్లో ఆహారం ముద్దయిపోతుంది. 21 డిగ్రీల పెంపు చావును సుమారు 126 రెట్లు వేగవంతం చేస్తుందన్నమాట. ఆటోక్లేవ్ గొప్పతనమంతా ఈ వేగమే.

తెరిచిన గిన్నెలో ఎంత మంట పెట్టినా నీరు 100 డిగ్రీలు దాటదు. మూత బిగించి, ఆవిరిని బయటికి పోనివ్వకుండా ఒత్తిడి పెంచితేనే మరుగు స్థానం పెరుగుతుంది. లూయీ పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబర్లాఁ 1879లో తయారు చేసిన ఆటోక్లేవ్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. వాతావరణ పీడనం కన్నా చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి ఎక్కువైతే ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. బీజాలను చంపేది ఒత్తిడి కాదు. గది ఉష్ణోగ్రతలో వేల రెట్ల వాతావరణ పీడనాన్నీ అవి భరిస్తాయి. ఒత్తిడి చేసే పని వేడిని పెంచడం వరకే. ఆవిరి తడిగా ఉండటం కూడా ముఖ్యమే. అది వస్తువు మీద నీరుగా మారేటప్పుడు, ఒక్కో గ్రాముకు సుమారు 2200 జౌళ్ల వేడిని వదులుతుంది. పొడి గాలితో ఇదే పని చేయించాలంటే 160 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచాలి.

ఆటోక్లేవ్ ఎక్కువగా దెబ్బతినేది గాలి దగ్గర. లోపలి గాలిని ముందుగా తోసివేయకుండా మూత బిగిస్తే, మీటరు 15 పౌండ్లు చూపిస్తుంది గానీ ఆ ఒత్తిడిలో కొంత గాలిదే. సగం గాలి మిగిలిపోతే వేడి 112 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అంటే బీజాల చావు ఎనిమిది రెట్లు నెమ్మదిస్తుంది. గాలి ఏమాత్రం పోకపోతే లోపల ఉన్నది 100 డిగ్రీలే. అందుకే ఒత్తిడి మీటరును మాత్రమే చూసి నమ్మడం ప్రమాదం. మూటలపై అతికించే రంగు మారే టేపు కూడా వేడి తగిలిందనే చెబుతుంది, అది చాలినంతసేపు ఉందో లేదో చెప్పలేదు. నమ్మదగిన పరీక్ష బీజాలతోనే చేస్తారు. వేడికి మరింత మొండిగా నిలిచే జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ బీజాలున్న చిన్న గొట్టాన్ని, ఆవిరి చేరడం కష్టమైన చోట, సరుకు మధ్యలో పెడతారు. తర్వాత 55, 60 డిగ్రీల వద్ద పెంచి చూస్తారు. ఊదా రంగు ద్రవం పసుపుగా మారితే బీజం బతికినట్టే. ఆ విడత సామాను మొత్తం మళ్లీ శుద్ధి చేయాల్సిందే.

బీజం ఎంత మొండిదైనా మొలిచేటప్పుడు ఆ బలమంతా వదులుకుంటుంది. తగిన ఆహారం తగలగానే డైపికోలినిక్ ఆమ్లం బయటికి పోతుంది, నీరు లోపలికి వస్తుంది. నిమిషాల్లో అది మామూలు కణంలా వేడికి లొంగుతుంది. 1877లో జాన్ టిండాల్ దీన్నే ఉపయోగించుకున్నాడు. ఎండుగడ్డి కషాయాన్ని కొద్దిసేపు మరిగించి, మొలిచేందుకు వ్యవధి ఇచ్చి, మళ్లీ మళ్లీ మరిగించాడు. ఇప్పటికీ ఒత్తిడిని తట్టుకోలేని పోషక ద్రవాలను మూడు రోజుల పాటు రోజుకు అరగంట చొప్పున 100 డిగ్రీల ఆవిరిలో ఉంచుతారు. అయితే మొలవడానికి తగిన ఆహారం ఉన్న ద్రవాల్లోనే ఇది ఫలిస్తుంది. వట్టి నీటిలో బీజం మొలవదు, కాబట్టి చావదు.

వంటింట్లో ఈ సంగతి ఎక్కువగా పట్టేది అన్నానికి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడకడాన్ని తట్టుకుంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం ఆటోక్లేవ్ వేడికీ చెడదు, మళ్లీ వేడి చేసినంత మాత్రాన పోదు. ఆవకాయలో బొటులినం బీజాలు మొలవకపోవడానికి కారణం మామిడి పులుపు, ఉప్పు. పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉన్న చోట అవి పెరగలేవు. పులుపు లేని కూరగాయలను, వెల్లుల్లిని గాలి చొరని సీసాలో మరిగించి నిల్వ చేసుకునేవారు మాత్రం వాటిని ఒత్తిడి ఆవిరితో తగినంతసేపు ఉడికించాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది రోజుల్లో వాడేయాలి. మిగిలిన అన్నాన్ని వండిన గంట రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి చేర్చాలి.