టైల్స్ మీద జారే ముసలి కాళ్లు

"వయసైపోయింది డాక్టరుగారూ, అందుకే ఎప్పుడూ పడుకునే ఉంటోంది." పదేళ్లు దాటిన కుక్కను క్లినిక్కుకు తీసుకొచ్చేవాళ్లు తరచూ అనే మాట ఇది. వయసైపోవడం నిజమే. కానీ లేవకుండా పడుకోవడానికి చాలాసార్లు కారణం వయసు కాదు, కీళ్లనొప్పి. ఏదో ఒక గేటు శబ్దానికి ఉరికే కుక్క ఇప్పుడు తల మాత్రం ఎత్తి చూసి ఊరుకుంటోందంటే, దానికి బద్ధకం వచ్చిందని అనుకోవడం మనకు తేలిక.

కీళ్లనొప్పి ఉన్న కుక్క సాధారణంగా అరవదు, మూలగదు. కాలు తొక్కితే కుయ్‌మనే కుక్కే నెలల తరబడి ఉండే నొప్పిని చప్పుడు చేయకుండా భరిస్తుంది. అందుకే అరుపు కోసం ఎదురుచూడకూడదు, అలవాట్లలో వచ్చిన మార్పు చూడాలి. పొద్దున్నే నిద్ర లేచి వేసే మొదటి పది అడుగులు బిగుసుకుపోయినట్టుంటాయి, కాస్త నడిచాక సర్దుకుంటాయి. సోఫా ముందు ఆగి, ఎక్కాలా వద్దా అన్నట్టు చూస్తుంది. మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది. ఒకే చోట, ముఖ్యంగా ముందరి కాలి మణికట్టు దగ్గర, పదే పదే నాకుతుంది. ఇంకో ఆనవాలు గోళ్లలో ఉంటుంది. నడక తగ్గిన కుక్క గోళ్లు అరగక పొడుగవుతాయి, పొడుగైన గోళ్లు టైల్స్ మీద టకటకలాడతాయి. ఇంట్లో పిల్లలు దగ్గరికి వెళ్తే ఎప్పుడూ లేనిది గుర్రుమంటోందంటే, స్వభావం మారిందని కోప్పడేముందు ఒళ్లు నొప్పిగా ఉందేమో చూపించాలి.

కీలులో జరిగేది ఇది. ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి అరుగుతుంది, కీలు లోపలి పొర వాస్తుంది, అంచుల్లో కొత్త ఎముక పెరుగుతుంది. మనుషుల్లో ఇది ఎక్కువగా వయసుతో వస్తుంది. కుక్కల్లో మాత్రం చాలావరకు చిన్నప్పటి లోపంతోనే మొదలవుతుంది. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో వంశపారంపర్యంగా వచ్చే తుంటి కీలు వదులుతనం, మోచేతి కీలు లోపాలు, ఎప్పుడో తెగిన మోకాలి లిగమెంటు, ఇవే పదేళ్ల తర్వాత కీళ్లవాతంగా బయటపడతాయి. ఎక్స్‌రేలో కీలు చూడటానికి ఘోరంగా ఉన్నా కుక్క బాగానే తిరగవచ్చు, కొంచెమే అరిగినా బాగా కుంటవచ్చు. కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే తీర్పు కాదు. కుక్క ఇంట్లో లేచే తీరు, మెట్లెక్కే తీరు ఫోన్లో అర నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపిస్తే చాలా పనికొస్తుంది. క్లినిక్కులో భయంతో అన్ని కుక్కలూ బాగానే నడిచేస్తాయి.

ఇక మన ఇళ్ల సంగతి. హైదరాబాద్ అపార్టుమెంటు అయినా విజయవాడ డాబా ఇల్లు అయినా నేల సాధారణంగా విట్రిఫైడ్ టైల్స్ లేదా పాలరాయి. తడిగుడ్డ పెట్టాక అద్దంలా మెరుస్తుంది. కుక్కకు పట్టు దొరికేది పాదం మెత్తల వల్ల, కొంత గోళ్ల వల్ల. నున్నటి నేల మీద ఆ రెండూ పనిచేయవు. జారకుండా ఉండటానికి అది కాళ్లను ఎప్పుడూ బిగించి నడవాలి. ఒకసారి వెనక కాళ్లు విడిపోయి జారిందంటే, తర్వాత లేవడానికే జంకుతుంది. లేవకపోతే తొడ కండ సన్నబడుతుంది. కండ తగ్గితే కీలు మీద భారం పెరుగుతుంది. కీళ్లవాతం ముదరడానికి ఈ చక్రం పెద్ద కారణం, దాన్ని ఆపడానికి ముందు సరిచేయవలసింది నేలే.

పదకొండేళ్ల ల్యాబ్రడార్ ఒకటి ఉందనుకుందాం. బరువు 36 కిలోలు, ఉండవలసింది 30. హాల్లో సోఫా, వంటింటి దగ్గర నీళ్ల గిన్నె, బాల్కనీలో దాని చోటు. ఇల్లంతా కార్పెట్ పరవనక్కర్లేదు. అది రోజూ తిరిగే దారి చూసి, పడక నుంచి నీళ్ల దాకా, అక్కడి నుంచి తలుపు దాకా వరుసగా అడుగున రబ్బరున్న పరుపుచాపలు వేస్తే చాలు. పాత యోగా మ్యాట్లు దీనికి చక్కగా సరిపోతాయి. మధ్యలో ఖాళీ వదలొద్దు, కుక్క అక్కడే ఆగిపోతుంది. జంపఖానా, పల్చటి దుప్పటి లాంటివి వేయొద్దు. అవి టైల్స్ మీద కుక్కతో సహా జారతాయి, ఏమీ లేనిదానికంటే ప్రమాదం. పాదం మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించి, గోళ్లు కాస్త తగ్గిస్తే పట్టు మరింత మెరుగవుతుంది.

ర్యాంపు విషయంలో అందరూ పడే పొరపాటు పొడవు తక్కువ చేయడం. సోఫా 45 సెంటీమీటర్ల ఎత్తు అయితే ర్యాంపు పలక కనీసం 130 సెంటీమీటర్లు ఉండాలి. అప్పుడు వాలు సుమారు 20 డిగ్రీలు వస్తుంది. కారు వెనక డోరు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే రెండు మీటర్లు కావాలి. అంతకంటే నిటారుగా ఉంటే దిగేటప్పుడు బరువంతా ముందు కాళ్ల మీద పడుతుంది. వడ్రంగితో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, 40 సెంటీమీటర్ల వెడల్పుతో చేయించి, పైన యోగా మ్యాట్ గట్టిగా అంటించాలి. రెండు పక్కలా చిన్న అంచు ఉంటే పాదం బయటికి పోదు. కొత్త ర్యాంపును నేల మీద పడుకోబెట్టి, ఒక్కో బిస్కెట్ ముక్క ఆశ చూపి నడిపించాలి. అలవాటైన తర్వాతే ఒక వైపు ఎత్తాలి. మొదటి రోజే ఎత్తుకు ఎక్కించబోతే మళ్లీ దాని దరిదాపులకు రాదు.

పడక కోసం కనీసం నాలుగంగుళాల గట్టి ఫోమ్ కావాలి. చేత్తో నొక్కితే నేల తగిలే పరుపు పనికిరాదు. ఎండాకాలంలో కుక్క దాన్ని వదిలి చల్లటి టైల్ మీదే పడుకుంటే పోనివ్వండి, దాని పక్కన లేవడానికి ఒక మ్యాట్ మాత్రం ఉంచండి.

ఇప్పుడు 36 కిలోల విషయం. ఆ అదనపు ఆరు కిలోలు పెరుగన్నం, చపాతీ ముక్కలు, ఇంట్లో ప్రతివాళ్లూ విడివిడిగా పెట్టే బిస్కెట్ల రూపంలో వచ్చినవి. అమెరికాలో 48 ల్యాబ్రడార్ల మీద జీవితాంతం సాగిన ఒక అధ్యయనం ఉంది. జతకు ఒక కుక్కకు పావు వంతు తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్లనొప్పుల మందులు అవసరమైన వయసు కూడా సుమారు మూడేళ్లు వెనక్కి జరిగింది. 2002లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. బరువు ఆరు శాతం తగ్గినా కుంటు తగ్గినట్టు కనిపిస్తుందని మరో పరిశోధన చెబుతోంది. మన ల్యాబ్రడార్‌కు అది రెండు కిలోల చిల్లర. వారానికి అరకిలో చొప్పున తగ్గితే చాలు, అంతకంటే తొందర వద్దు. అన్నం మానేయమని ఇంటివాళ్లను ఒప్పించడమే అసలు కష్టం.

మందుల్లో మొదటి వరుసలో ఉన్నవి కుక్కల కోసం తయారైన నొప్పి, వాపు తగ్గించే మందులు: మెలోక్సికామ్, కార్‌ప్రొఫెన్, ఫిరోకాక్సిబ్. వీటిలో ఒకటి మాత్రమే, బరువును బట్టి, తిండితో పాటు ఇస్తారు. మొదలుపెట్టేముందు లివర్, కిడ్నీ రక్తపరీక్షలు చేయించాలి, కొన్ని వారాల తర్వాత ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలి. వాంతులు, తిండి మానేయడం, నల్లగా తారులాంటి విరేచనం కనిపిస్తే వెంటనే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. ఇంతకుముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి ఉంటే ఆ సంగతి దాచొద్దు. స్టెరాయిడ్‌కూ ఈ మందులకూ మధ్య వ్యవధి లేకపోతే పొట్టలో పుండ్లు పడతాయి. వీటితో సరిపోనప్పుడు గబాపెంటిన్, అమాంటాడిన్ లాంటివి కలుపుతారు. నొప్పి సంకేతాన్ని అడ్డుకునే నెలనెలా ఇంజెక్షన్ ఒకటి యూరప్, అమెరికాల్లో వాడుకలో ఉంది, దాని దుష్ప్రభావాల మీద చర్చ ఇంకా సాగుతోంది. గ్లూకోసమైన్ పొడుల ప్రయోజనానికి రుజువు బలహీనం. చేపనూనెలోని ఒమేగా-3లకు కొంత మెరుగైన ఆధారం ఉంది, కానీ మోతాదు డాక్టరే చెప్పాలి.

మనిషి మాత్ర కుక్కకు వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కుక్క పొట్టనూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. ఒక ఒంటికి మందయినది మరో ఒంటికి విషమని చెప్పడానికి రాబందులే సాక్ష్యం. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు కిడ్నీలు చెడి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, అందుకే 2006లో ఆ మందును పశువులకు వాడకుండా ప్రభుత్వం నిషేధించింది.

నొప్పి ఉంది కదా అని నడక మానేయకూడదు. వారమంతా పడుకోబెట్టి ఆదివారం గంటసేపు పార్కులో తిప్పడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. రోజుకు మూడుసార్లు పది, పదిహేను నిమిషాలు, పట్టీతో, కుక్క నడిచే వేగంతో నడిపించాలి. రోడ్డు కంటే మట్టి, గడ్డి మేలు. ఎండాకాలంలో ఉదయం ఆరు లోపే, సాయంత్రం నేల చల్లబడ్డాకే. నేలకు అరచేతి వెనక వైపు ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకు కూడా అది వేడే. బంతి విసరడం మానేయాలి, ఉరికి ఒక్కసారిగా ఆగి తిరగడమే కీళ్లకు పెద్ద దెబ్బ. ఇంట్లో మ్యాట్ మీద నిదానంగా కూర్చోబెట్టి లేపడం ఐదుసార్లు చేయిస్తే తొడ కండకు పని దొరుకుతుంది. కూర్చునేటప్పుడు ఒక పక్కకు ఒరిగితే బలవంతం చేయొద్దు. ఎంత నడిపించాలో మర్నాడు పొద్దున్నే కుక్కే చెబుతుంది. నిన్నటికంటే ఎక్కువగా బిగుసుకుని లేచిందంటే నిన్నటి నడక ఎక్కువైనట్టే, ఈ రోజు సగానికి తగ్గించి చూడాలి.

ఇవన్నీ నెమ్మదిగా వచ్చిన కీళ్లనొప్పికి. కుక్క ఒక్కసారిగా కాలు నేలకు ఆనించకపోయినా, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడిచినా, మూత్రం తెలియకుండా పోతున్నా అది వేరే సమస్య. వెన్నుపూస నరాలు నొక్కుకోవడమో, లిగమెంటు తెగడమో, ఎముకలో గడ్డ పెరగడమో కావచ్చు. అప్పుడు ర్యాంపులు, మ్యాట్ల సంగతి పక్కనపెట్టి ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.