మాత్ర అడిగితే తలనొప్పి సంగతెందుకు?

ఉదాహరణకు 32 ఏళ్ల ఒక తల్లిని తీసుకుందాం. చిన్నబిడ్డకు 8 నెలలు. ఇప్పట్లో మళ్లీ కాన్పు వద్దు, ఆపరేషనూ వద్దు. తోటికోడలు వాడే మాలా-ఎన్ మాత్రలే తనకూ ఇమ్మని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది.

"తలనొప్పి వస్తుంటుందా అమ్మా?" అని డాక్టరు అడిగారు. వస్తుందంది. "వచ్చేముందు కళ్లకేమైనా కనిపిస్తుందా?" ఒక పక్క నుంచి వంకరటింకర వెలుగు గీతలు మొదలై, పావుగంట సేపు చూపు చెదిరి, ఆ తర్వాత తల పగిలిపోతుందని చెప్పింది.

ఆ జవాబుతో మాలా-ఎన్ పక్కకు పోయింది.

ఇది ఆరాతో వచ్చే మైగ్రేన్. మాలా-ఎన్‌లోని రెండు హార్మోన్లు అండం విడుదల కాకుండా ఆపుతాయి. వాటిలో ఒకటైన ఈస్ట్రోజన్ రక్తం గడ్డకట్టే గుణాన్నీ పెంచుతుంది. ఆరా ఉన్నవారికి పక్షవాతం ముప్పు మామూలుగానే కాస్త ఎక్కువ. ఈ వయసులో అది అరుదే అయినా ఈస్ట్రోజన్ తోడైతే ఇంకా పెరుగుతుంది. అందుకే వయసు ఎంతైనా ఇలాంటివారికి ఈ మాత్ర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరా లేని మైగ్రేన్ అయితే, 35 ఏళ్ల లోపువారికి మిగతా ఆరోగ్యం చూసుకుని ఇవ్వొచ్చు. డాక్టరు రెండో ప్రశ్న వేసింది ఈ తేడా తేల్చుకోవడానికే.

మాత్రకు మరో బలహీనత మరుపు. ఏడాదిపాటు క్రమం తప్పకుండా మింగితే 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదనే చెప్పాలి. ఇంటిపనుల్లో పడి అప్పుడప్పుడూ మరిచిపోయే మామూలు వాడకంలో మాత్రం దాదాపు ఏడుగురికి వస్తుంది. పసిబిడ్డతో రాత్రిళ్లు మేలుకునే తల్లికి ఈ రెండో లెక్కే వర్తిస్తుంది.

కాపర్ టీకి ఆ బెడద లేదు. దాని రాగి నుంచి వెలువడే అయాన్లు వీర్యకణాల కదలికను దెబ్బతీసి, అండాన్ని చేరనివ్వవు. హార్మోన్ లేదు కాబట్టి మైగ్రేన్ అడ్డం కాదు, పాలివ్వడానికీ ఇబ్బంది లేదు. మొదటి ఏడాదిలో విఫలమయ్యేది 100 మందిలో ఒకరికన్నా తక్కువే. 380ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది, తీయించుకుంటే మళ్లీ గర్భం దాల్చవచ్చు.

అయితే వేసే ముందు గర్భం లేదని, గర్భాశయంలో ఇన్ఫెక్షన్ లేదని, కారణం తెలియని రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పిగా రావచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ చూసి, తక్కువుంటే ఐరన్ మాత్రలు ఇస్తారు. కొందరిలో కాపర్ టీ జారిపోతుంది. దాని దారాలు చేతికి తగలకపోయినా, గట్టి ప్లాస్టిక్ తగిలినా డాక్టరును కలిసేదాకా కండోమ్ వాడాలి. నెలసరి తప్పి పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కాపర్ టీ ఉండగా గర్భం రావడం అరుదే గానీ, వస్తే అది గర్భాశయం బయట నిలిచిందేమో వెంటనే స్కానింగ్‌లో చూడాలి.