గెలిచినా కోత పడే పందెం

బాకరా బల్ల దగ్గర మొదటిసారి కూర్చున్నవారికి ఒక నియమం అన్యాయంగా అనిపిస్తుంది. ‘ప్లేయర్’ గడిలో వెయ్యి రూపాయలు కాసి గెలిస్తే వెయ్యికి వెయ్యి వస్తుంది. ‘బ్యాంకర్’ గడిలో అదే వెయ్యి కాసి గెలిస్తే చేతికొచ్చేది 950 మాత్రమే. మిగిలిన 50 క్యాసినో కమిషన్. రెండు గడుల్లో ఎక్కడైనా కాయవచ్చన్నప్పుడు, కోత పడే గడిలో ఎందుకు కాయాలి?

ఎందుకంటే కోత పోను కూడా ఆ బల్ల మీద అతి తక్కువ నష్టం తెచ్చే పందెం అదే. లాభం తెచ్చే పందెం మాత్రం కాదు, అలాంటిది బాకరాలో లేదు. ఈ రెండు సంగతులూ కలిపి అర్థం కావాలంటే ఆట ఎలా నడుస్తుందో కొంచెం చూడాలి.

ప్లేయర్, బ్యాంకర్ అన్నవి రెండు వైపుల పేర్లు మాత్రమే. ప్లేయర్ అంటే కూర్చున్న మనిషీ కాదు, బ్యాంకర్ అంటే క్యాసినో యజమానీ కాదు. మన ఊళ్ళలో లోపల–బయట ఆడేవాళ్ళు ఏదో ఒక వైపు డబ్బు పెట్టినట్టే ఇక్కడా ఏదో ఒక వైపు కాస్తారు. చెరో రెండు ముక్కలు పంచుతారు. ఆసు విలువ ఒకటి, రెండు నుంచి తొమ్మిది దాకా ఉన్న ముక్కలకు వాటి అంకే విలువ, పదికీ బొమ్మలకూ సున్నా. మొత్తం తొమ్మిది దాటితే చివరి అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. తొమ్మిదికి దగ్గరగా ఉన్న వైపు గెలుస్తుంది. మొదటి రెండు ముక్కలకే ఏ వైపైనా ఎనిమిదో తొమ్మిదో పడితే ఆట అక్కడితో ముగుస్తుంది. లేకపోతే మూడో ముక్క సంగతి వస్తుంది. అది ఎవరికి వెయ్యాలో ముందే రాసిపెట్టిన నియమాలు చెబుతాయి, డబ్బు పెట్టినవాడు నిర్ణయించేది ఏమీ లేదు.

బ్యాంకర్ బలమంతా ఆ మూడో ముక్కలో ఉంది. ప్లేయర్ వైపు ఐదు లేదా అంతకన్నా తక్కువ ఉంటే మూడో ముక్క పడుతుంది, ఆరో ఏడో ఉంటే ఆగుతుంది. అవతలి వైపు ఏముందన్నది ఆ నియమానికి పట్టదు. బ్యాంకర్ వంతు దాని తర్వాతే. ప్లేయర్‌కు మూడో ముక్కగా ఏం పడిందో చూసి, దాన్నిబట్టే బ్యాంకర్ ఆగాలా, ఇంకో ముక్క తీసుకోవాలా అన్నది ఉంటుంది.

ఒక ఆట చూద్దాం. ప్లేయర్‌కు రాణి, నాలుగు పడ్డాయి, మొత్తం నాలుగు. బ్యాంకర్‌కు రెండు, మూడు పడి ఐదైంది. ప్లేయర్‌కు మూడో ముక్కగా తొమ్మిది వచ్చింది. నాలుగూ తొమ్మిదీ పదమూడు, అంటే మూడు. అవతల తొమ్మిది పడినప్పుడు ఐదు మీదున్న బ్యాంకర్ ఆగాలని నియమం. ఐదు మూడును గెలిచింది. ఇప్పుడు ప్లేయర్ చేతిలో రాజు, రెండు ఉండి, మూడో ముక్కగా ఐదు పడిందనుకుందాం. ప్లేయర్ మొత్తం ఏడు. అవతల పడింది నాలుగు నుంచి ఏడు లోపు ముక్క అయితే ఐదు మీదున్న బ్యాంకర్ ఇంకోటి తీసుకోవాలి. మూడు పడితే ఎనిమిదై గెలుస్తుంది. బ్యాంకర్ చేతిలో ఉన్నది రెండుసార్లూ అదే ఐదు. అవతలి ముక్క చూశాక నడుస్తుంది కాబట్టి ఒకసారి ఆగింది, ఒకసారి తెగించింది.

ఈ వెనక వంతు విలువ ఎంతో లెక్క కట్టారు. ఎనిమిది పేకలు కలిపి ఆడే మామూలు బాకరాలో సగటున పదివేల ఆటలకు బ్యాంకర్ 4,586, ప్లేయర్ 4,462 గెలుస్తాయి. 952 ఆటలు సమం అవుతాయి. సమమైతే రెండు గడుల్లోనూ పందెం సొమ్ము తిరిగి ఇచ్చేస్తారు.

పదివేల ఆటల్లో ఆటకు వంద చొప్పున, అంటే మొత్తం పది లక్షలు, ఒకే గడిలో కాస్తూ పోయామనుకుందాం. ప్లేయర్ గడిలో అయితే 4,462 సార్లు వంద వస్తుంది, 4,586 సార్లు వంద పోతుంది. తేడా 12,400 రూపాయల నష్టం. బ్యాంకర్ గడిలో కమిషన్ లేకుండా ఇచ్చి ఉంటే ఆ 12,400 లాభమయ్యేది, క్యాసినో తలుపులు మూసుకోవాల్సి వచ్చేది. అందుకే గెలుపు మీద ఐదు శాతం కోత. వందకు బదులు 95 చొప్పున లెక్క కడితే బ్యాంకర్ మీద నష్టం సుమారు 10,500కు వస్తుంది. వంద రూపాయలకు బ్యాంకర్ మీద పోయేది 1 రూపాయి 6 పైసలు, ప్లేయర్ మీద పోయేది 1 రూపాయి 24 పైసలు. తేడా చిన్నదే. ఏది కాసినా కొంపలు మునగవు, కానీ రెండూ మెల్లగా తినేవే.

కమిషన్‌ను చాలా చోట్ల గెలిచిన వెంటనే తీసుకోరు. గెలుపు సొమ్ము పూర్తిగా ఇచ్చి, బాకీని డీలర్ తన ముందున్న చిన్న గడుల్లో గుర్తు పెట్టుకుంటాడు. ‘షూ’ అనే పెట్టెలోని ముక్కలు అయిపోయినప్పుడో, ఆడేవాడు లేచినప్పుడో వసూలు చేస్తాడు. చేతిలో కనిపించే చిప్పులన్నీ తనవే అనుకుని చివరి పందెంలో పెట్టేసినవాడికి బాకీ అప్పుడు గుర్తొస్తుంది.

అసలు దెబ్బ పక్క పందేల్లో తగులుతుంది. వాటిలో పాతది ‘టై’, అంటే ఆట సమమవుతుందని కాయడం. వందకు ఎనిమిది వందలు ఇస్తామని బల్ల మీదే అచ్చు వేసి ఉంటుంది. మన పదివేల ఆటల్లో 952 సార్లు గెలిచి 7,61,600 సంపాదిస్తాం, మిగిలిన 9,048 సార్లు వంద చొప్పున 9,04,800 పోగొట్టుకుంటాం. నష్టం 1,43,200. బ్యాంకర్ మీద పోయినదానికి ఇది దాదాపు పద్నాలుగు రెట్లు. న్యాయంగా ఇవ్వాల్సింది తొమ్మిదిన్నర రెట్లు, ఇస్తున్నది ఎనిమిది. ఆ ఒకటిన్నర రెట్లే క్యాసినో మిగులు. తొమ్మిది రెట్లు ఇచ్చే బల్లలూ ఉన్నాయి. అక్కడ నష్టం వందకు ఐదు రూపాయల లోపుకు దిగుతుంది. అయితే ఆ తొమ్మిదిలో మన పందెం సొమ్మును కూడా కలిపి చెబుతున్నారేమో చూసుకోవాలి. కలిపి చెబితే అది పాత ఎనిమిదే.

ఇంకో పందెం ‘పెయిర్’. ఎంచుకున్న వైపు మొదటి రెండు ముక్కలూ ఒకే రకం, అంటే రెండు రాజులో రెండు ఏళ్ళో పడితే పదకొండు రెట్లు. వినడానికి బాగుంటుంది. కానీ ఎనిమిది పేకల్లో మొదటి ముక్క తీశాక మిగిలిన 415 ముక్కల్లో దానికి జత కాగలిగేవి 31 మాత్రమే. పదివేల ఆటలకు సుమారు 747 జతలు. లెక్క తేలితే నష్టం లక్ష దాటుతుంది, వందకు పది రూపాయల పైమాట.

ఒక రాత్రికి కుదించి చూస్తే ఇది ఇంకా బాగా కనబడుతుంది. ఒకాయన 70 ఆటలు ఆడాడు. ప్రతి ఆటకూ బ్యాంకర్ మీద వెయ్యి పెట్టి, పక్కన సరదాకి టై మీద వంద పెట్టాడు. వెయ్యి రూపాయల పందెం మీద అతనికి సగటున పోయేది 740 రూపాయల చిల్లర. సరదా వంద మీద పోయేది వెయ్యి. పెద్ద పందెం కన్నా చిన్నదే ఎక్కువ తిన్నది. ఒక్క రాత్రిలో ఫలితం ఈ సగటుకు అటూ ఇటూ చాలా దూరం పోవచ్చు. టై రెండుసార్లు ఎక్కువ పడితే అతను నవ్వుతూనే లేస్తాడు. ఆ నవ్వే పక్క పందేలను బతికిస్తోంది.

కమిషన్ గొడవే వద్దనే వారి కోసం ‘నో కమిషన్’ బల్లలు వచ్చాయి. ‘సూపర్ సిక్స్’ పేరుతో నడిచే రకంలో బ్యాంకర్ గెలిస్తే వందకు వంద ఇస్తారు. ఒక్క మెలిక, బ్యాంకర్ ఆరుతో గెలిస్తే సగమే. పదివేల ఆటల్లో అలా జరిగేది 539 సార్లు. ఆ సగాలు తీసివేస్తే బ్యాంకర్ మీద నష్టం 14,500 దాటుతుంది. కమిషన్ కట్టినప్పటికన్నా ఎక్కువ, ఆఖరికి ప్లేయర్ మీద పోయేదానికన్నా ఎక్కువ. ఆ ఆరు మీదే విడిగా కాసే పందెమూ అక్కడే ఉంటుంది, సాధారణంగా పన్నెండు రెట్లు ఇస్తారు. దాని మీద వందకు ముప్పై రూపాయలు పోతాయి. అలాగని కమిషన్ లేని ప్రతి బల్లా చెడ్డదని అనలేం. ‘ఈజీ బాకరా’ అనే రకంలో బ్యాంకర్ మూడు ముక్కల ఏడుతో గెలిస్తే పందెం తిరిగి ఇస్తారంతే. అక్కడ బ్యాంకర్ మీద నష్టం పాత పద్ధతి కన్నా ఒక పిసరు తక్కువే. బోర్డు మీది పేరు కాదు, ఏ గెలుపుకు ఎంత కోస్తున్నారన్నదే చూడాలి.

ఒక రూపాయి చిల్లర నష్టమే కదా అనుకునేవారు అకియో కషివాగి కథ తెలుసుకోవాలి. టోక్యోకు చెందిన ఈ రియల్ ఎస్టేట్ వ్యాపారి 1990 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలోని ట్రంప్ ప్లాజా క్యాసినోలో ఆటకు రెండు లక్షల డాలర్లు కాస్తూ దాదాపు 60 లక్షల డాలర్లు గెలిచాడు. భయపడ్డ క్యాసినో గణితవేత్త జెస్ మార్కమ్ సలహా అడిగింది. ఆయన ఆటను ఆపమనలేదు, సాగదీయమన్నాడు. అలా మే నెలలో కొత్త ఒప్పందం కుదిరింది. కషివాగి కోటీ 20 లక్షల డాలర్లతో కూర్చుంటాడు, అది రెట్టింపైనా, పూర్తిగా పోయినా తప్ప లేవకూడదు.

ఆటకు రెండు లక్షలంటే ఆ సొమ్ము అరవై పందేలు. సమమైనవి వదిలేస్తే ప్లేయర్ గెలిచే అవకాశం నూటికి 49.3, బ్యాంకర్‌కు 50.7. విడిగా చూస్తే బొమ్మా బొరుసులాంటిదే. కానీ ప్లేయర్ మీదే కాస్తూ అరవై పందేలు గెలిచేదాకా, లేదా అరవై పోయేదాకా ఆడితే, రెట్టింపు చేసుకోగలిగే అవకాశం ఆరింట ఒకటికి పడిపోతుంది. ఆ చిన్న తేడా ప్రతి ఆటలోనూ ఒకే వైపు లాగుతుంది. ఎంత ఎక్కువసేపు ఆడితే అంతగా పేరుకుంటుంది. మేలో కషివాగి దాదాపు కోటి డాలర్లు పోగొట్టుకున్నాక ఆట ఆగింది.

మకావు నుంచి గోవా దాకా బాకరా బల్లల పక్కన వెలిగే తెరల మీద, వరుసగా ఏ వైపు గెలిచిందో ఎరుపు, నీలం చుక్కలతో చూపిస్తుంటారు. బ్యాంకర్ ఐదుసార్లు గెలిచింది కాబట్టి ఇక ప్లేయర్ వంతు అని కొందరు, బ్యాంకర్ ఊపు మీదుంది అని కొందరు కాస్తారు. ఆ చుక్కలు తర్వాతి ఆట గురించి చెప్పేది ఏమీ లేదు. బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కపెట్టి క్యాసినోను ఓడించే పద్ధతిని 1962లో పుస్తకంగా రాసిన ఎడ్వర్డ్ థార్ప్ బాకరానూ పరిశీలించాడు. అయిపోయిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకున్నా ప్రధాన పందేల్లో పనికొచ్చేంత మొగ్గు దొరకదని తేలింది.

తెలుగువారికి బాకరా బల్ల చట్టబద్ధంగా దగ్గరలో కనిపించేది గోవాలో, పణజి దగ్గర మాండవి నదిలో నిలిపిన క్యాసినో ఓడల్లో. ఫోన్‌లో కనిపించే బాకరా సంగతి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అయినా విదేశాల నుంచి నడిచే యాప్‌లు ఎదురుగా డీలర్‌ను కూర్చోబెట్టి పిలుస్తూనే ఉన్నాయి. తెరమీద గెలిచిన సొమ్ము చేతికి రాకపోతే అడగడానికి అక్కడ ఏ కార్యాలయమూ ఉండదు. అలాంటి యాప్‌లో బ్యాంకర్ మీద కాసినా, టై మీద కాసినా పైన చెప్పిన లెక్కలు వర్తిస్తాయన్న హామీ కూడా లేదు. ఆ లెక్కలన్నీ ముక్కలు నిజాయితీగా కలిపి, నియమం ప్రకారం పంచే బల్లకు సంబంధించినవి.