వీడియో మధ్యలో ఎందుకు వెళ్లిపోతారు?

యూట్యూబ్‌లో వీడియోలు పెట్టేవారికి స్టూడియో పేజీలో ఒక గీత కనిపిస్తుంది. దాన్ని రిటెన్షన్ గ్రాఫ్ అంటారు. అడ్డంగా వీడియో నిడివి ఉంటుంది, నిలువుగా ఆ క్షణానికి ఇంకా చూస్తున్నవాళ్ల శాతం ఉంటుంది. గీత చదునుగా సాగితే జనం కూర్చుని చూస్తున్నారని అర్థం. కిందికి జారితే వెళ్లిపోతున్నారని, లేదా ఆ భాగాన్ని దాటేసి ముందుకు జరుపుతున్నారని అర్థం. ఒకచోట ఉన్నట్టుండి పైకి లేచిందంటే అక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూశారనో, నేరుగా ఆ చోటికే వచ్చారనో అనుకోవాలి. వేలమంది తమ ఇళ్లలో, బస్సుల్లో, ఎవరూ చూడనప్పుడు చేసిన పని ఇది కాబట్టి ఇందులో మొహమాటం ఉండదు. కానీ ఎప్పుడు వెళ్లారో చెప్పే ఈ గీత ఎందుకు వెళ్లారో చెప్పదు. ఆ కారణాన్ని వీడియో చేసినవాళ్లు ఊహించుకుంటారు, ఊహ తప్పితే బాగున్న భాగాన్ని కోసేసి అసలు లోపాన్ని అలాగే ఉంచేస్తారు.

ఆ కారణం తెలుసుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. నలుగురైదుగురిని విడివిడిగా కూర్చోబెట్టి వీడియో చూపిస్తారు, చూస్తున్నప్పుడు మనసులో మెదిలేదంతా పైకి అనమంటారు. వాళ్ల మాటల్ని నిమిషాలూ సెకన్లతో రాసుకుని, గ్రాఫు పక్కన పెట్టి చదువుతారు.

ఈ జత యూట్యూబ్ కంటే చాలా పాతది. 1941 నవంబరులో న్యూయార్క్‌లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త తన సహచరుడు రాబర్ట్ మెర్టన్‌ను ఒక రేడియో స్టూడియోకు తీసుకెళ్లాడు. అక్కడ కొందరు శ్రోతలు కార్యక్రమం వింటూ, నచ్చితే ఆకుపచ్చ మీట, నచ్చకపోతే ఎర్ర మీట నొక్కుతున్నారు. ఆ నొక్కుళ్లన్నీ కదిలే కాగితం మీద గీతలుగా పడుతున్నాయి. కార్యక్రమం అయ్యాక ఒక సహాయకుడు ఆ గీతలు పట్టుకుని, ఫలానా చోట ఎందుకు నచ్చలేదని శ్రోతలను అడిగాడు. అతను తనకు తెలియకుండానే జవాబులు నోటికి అందిస్తున్నాడని మెర్టన్ గమనించి చెప్పాడు. తర్వాతి బృందాన్ని అడిగే పని లాజర్స్‌ఫెల్డ్ ఆయనకే అప్పగించాడు. ఆనాడు మెర్టన్ పట్టుకున్న లోపమే ఈ పనిలో ఇప్పటికీ అందరినీ దెబ్బతీసేది.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు ఊహించినవే కానీ ఇలాంటి గ్రాఫు వంటల వీడియోలు చేసేవారికి కొత్త కాదు. ఆవకాయ పెట్టే విధానం మీద 11 నిమిషాల వీడియో ఉందనుకోండి. మొదటి 30 సెకన్లు దాటేసరికి 64 శాతం మిగిలారు. తర్వాత గీత మెల్లగా దిగుతోంది. 3:40 దగ్గర చిన్న గుట్టలా లేచింది. 4:30 నుంచి 5:00 లోపు 44 నుంచి 33కి పడిపోయింది. 9:20 దగ్గర ఇంకోసారి నిలువునా పడింది.

వీడియో చేసినావిడ దీన్ని ఎలా చదువుతుందో ఊహించడం కష్టం కాదు. 3:40 దగ్గర ఆమె ఒక స్టీలు గ్లాసు చూపించి, ఆరు కాయలకు ఎన్ని గ్లాసుల కారం, ఎన్ని గ్లాసుల ఆవపిండి, ఎంత ఉప్పు అని చెప్పింది. గుట్ట అక్కడే ఉంది కాబట్టి అది జనానికి నచ్చిందనుకుంటుంది. 4:30 దగ్గర మామిడి ముక్కల్ని తుడిచి, గుడ్డ మీద పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టడం చూపించింది. అది సాగిందని, వచ్చేసారి తీసేయాలని నిర్ణయించుకుంటుంది. 9:20 దగ్గర నువ్వుల నూనె పోసి కలపడం పూర్తయింది. అక్కడెందుకు పడిందో అంతుపట్టదు.

ఇప్పుడు ఐదుగురిని పిలుద్దాం. ఇక్కడ ఎంపిక ముఖ్యం. చుట్టాలు, స్నేహితులు పనికిరారు, చాలా బాగుందని చెప్పి వెళ్లిపోతారు. ఆవకాయ ఎప్పుడూ పెట్టనివాళ్లు ముగ్గురు, ఏటా పెట్టేవాళ్లు ఇద్దరు ఉంటే మేలు. గ్రాఫును కొత్తగా వచ్చినవాళ్లకూ, తరచూ వచ్చేవాళ్లకూ విడివిడిగా చూడవచ్చు. ఎవరి గీత ఎక్కువ పడుతోందో వాళ్ల లాంటివాళ్లనే ఎక్కువగా పిలవాలి.

వాళ్లకు ముందే రెండు మాటలు చెప్పాలి. ఈ వీడియో నేను చేసింది కాదని మొదటిది, కాబట్టి చేసినావిడ ఆ గదిలో ఉండకూడదు. ఇంట్లో అయితే ఎక్కడ కట్టేసేవారో అక్కడ నిజంగానే కట్టేయమని రెండోది. పిలిస్తే వచ్చినవాళ్లు మర్యాద కోసం చివరిదాకా చూస్తారు, అలా చూస్తే వెళ్లిపోవడానికి కారణం ఎప్పటికీ బయటపడదు. వీడియోను నేరుగా చేతికివ్వకుండా, ఐదారు ఆవకాయ వీడియోల బొమ్మలూ శీర్షికలూ ఉన్న పేజీ ముందుంచి మొదలుపెట్టాలి. మొదటి అరనిమిషంలో వెళ్లిపోయేవాళ్లలో చాలామంది బొమ్మ ఇచ్చిన మాట వీడియోలో కనిపించక వెళ్తారు. బొమ్మ చూడనివాళ్ల దగ్గర ఆ సంగతి దొరకదు.

మనసులో మాట పైకి అనడం ఎవరికైనా కొత్తే కాబట్టి ముందు కొంచెం అలవాటు చేయించాలి. ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసిన ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ ఇందుకోసం, మీ అమ్మానాన్నల ఇంట్లో కిటికీలెన్నో పైకి చెబుతూ లెక్కపెట్టండి అనే తరహా చిన్న పనులు ఇచ్చేవారు. మనిషి ఒక్కో గదిలోకి వెళ్తూ చెప్పుకుపోతాడు. ఆ ధోరణే మనకు కావాలి.

వీడియోల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. వెబ్‌సైటు అయితే మనిషి మాట్లాడుతున్నంతసేపూ పేజీ ఆగి ఉంటుంది. వీడియో ఆగదు. చూసేవాడు మాట్లాడితే వీడియోలోని మాట వినపడదు, వినపడక తికమకపడితే ఆ తికమక మనం సృష్టించిందే అవుతుంది. అందుకే రెండు విడతల పద్ధతి మంచిదని నా అభిప్రాయం. మొదటి విడతలో ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి మౌనంగా చూడనివ్వాలి, తెర మీద జరిగేదంతా రికార్డు చేయాలి. ఎక్కడ వెనక్కి జరిపారో, ఎక్కడ ముందుకు తోశారో, ఎక్కడ కట్టేశారో అందులో ఉంటుంది. వెంటనే రెండో విడతలో ఆ రికార్డింగే వేసి, అప్పుడు మనసులో ఏముందో చెప్పమనాలి, వాళ్లు మాట్లాడినప్పుడల్లా ఆపాలి. జ్ఞాపకం చెదిరిపోకముందే, గంట తర్వాత కాకుండా అప్పటికప్పుడే చేయాలి.

పక్కన కూర్చున్నవాళ్లు అనాల్సింది ఒక్కటే: “చెప్పండి, వింటున్నాను.” ఎందుకు అని అడగకూడదు. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమొతీ విల్సన్ ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. ఒకే రకం మేజోళ్లు నాలుగు జతలు వరసగా పెట్టి మంచివి ఎంచుకోమంటే, మిగతా వాటికంటే ఎక్కువమంది కుడి చివరివి ఎంచుకున్నారు. కారణం అడిగితే నాణ్యత బాగుందన్నారే తప్ప, అవి పెట్టిన చోటు గురించి ఎవరూ తమంతట తాము చెప్పలేదు. ఎందుకని అడిగితే మనిషి ఏదో ఒక సబబైన కారణం కల్పించుకుని ఇస్తాడు, అబద్ధమాడుతున్నానని అతనికీ తెలియదు. మాట్లాడించేవాళ్లకు గ్రాఫులో పడిన చోట్లు తెలియకపోవడం కూడా మంచిదే. తెలిస్తే 4:30 దగ్గర ముందుకు వంగి, కళ్లతోనైనా అడిగేస్తారు.

మన ఐదుగురు ఏం చెప్పారనుకుందాం? ఎప్పుడూ ఆవకాయ పెట్టని అమ్మాయి 3:40 దగ్గర వెనక్కి జరిపింది. “ఏ గ్లాసు? మా ఇంట్లో గ్లాసులు చిన్నవి. గ్రాముల్లో చెబుతారేమో చూద్దాం” అంది. మళ్లీ చూసినా గ్రాములు రాలేదు. ముక్కలు ఆరబెట్టే దృశ్యం వచ్చేదాకా ఓపిక పట్టి, “ఇంకెక్కడైనా కొలతలు ఉంటాయి” అంటూ కట్టేసింది. ఇంకో కొత్తతను కూడా గ్లాసు దగ్గరే వెనక్కి జరిపాడు. ఏటా పెట్టే ఇద్దరూ గ్లాసును పట్టించుకోలేదు, ఆరబెట్టే చోట మాత్రం “తడి ఉంటే బూజు పడుతుంది, ఇది మంచి మాట” అన్నారు. నూనె పోసి కలిపాక వాళ్లిద్దరిలో ఒకావిడ “అంతే కదా, ఇక జాడీకెత్తడమే” అని తృప్తిగా ఫోన్ పక్కన పెట్టింది.

గ్రాఫు పక్కన ఈ మాటలు పెట్టగానే అర్థం తలకిందులవుతుంది. 3:40 దగ్గరి గుట్ట అయోమయం, పొగడ్త కాదు. 4:30 దగ్గర జనం పోవడానికి కారణం 50 సెకన్ల ముందే పుట్టింది. మనిషికి ఇబ్బంది కలిగిన చోటికీ వెళ్లిపోయిన చోటికీ మధ్య కొంత ఓపిక ఉంటుంది, గ్రాఫు ఆ ఓపిక చివరనే చూపిస్తుంది. ఆరబెట్టే భాగాన్ని కోసేస్తే బూజు సంగతి పోతుంది, గ్లాసు సమస్య అలాగే ఉంటుంది. 9:20 దగ్గర పోయినవాళ్లలో కొందరైనా పని అయిపోయిందని పోయినవాళ్లే. అయితే మూడో రోజు జాడీ తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె తేలకపోతే ఇంకా పోయాలన్న ముఖ్యమైన మాట ఆ వీడియోలో 10 నిమిషాల తర్వాత ఉంది. దాన్ని నూనె పోసేటప్పుడే చెప్పాలని ఇప్పుడు తెలిసింది.

ఐదుగురి మాటలకు హద్దులున్నాయి. ఐదుగురిలో ఇద్దరన్నారు కాబట్టి 40 శాతం మందికి ఆ ఇబ్బంది ఉందనడం పెద్ద తప్పు. ఎంతమంది అన్నది గ్రాఫు చెప్పాలి, ఏమిటన్నది మాటలు చెప్పాలి. పదిమందిలో ఒక్కరికే వచ్చే ఇబ్బంది మన ఐదుగురిలో ఒక్కరికైనా ఎదురయ్యే అవకాశం 41 శాతం మాత్రమే. అంటే చిన్న ఇబ్బందులు సగానికి పైగా సార్లు మన కంట పడవు. ఒకరు అన్న మాటకు గ్రాఫులో ఏ ఆనవాలూ లేకపోతే దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. గ్రాఫులో పెద్ద పతనం ఉండి ఐదుగురూ దాని గురించి ఏమీ అనకపోతే, తప్పుడు మనుషుల్ని పిలిచామేమోనని చూడాలి. ఇక బస్సు దిగే చోటు రావడం, పిల్లవాడు ఏడవడం లాంటివి ఆ గదిలో ఎప్పటికీ కనిపించవు. గీతలోని మెల్లని వాలులో వాటి వంతు చాలా ఉంటుంది. అందుకే వాలును వదిలి, ఉన్నట్టుండి విరిగిన చోట్ల మీదే శ్రమ పెట్టాలి.

తేలిన కారణం నిజమో కాదో పరీక్షించడానికి మిగిలింది తర్వాతి వీడియోనే, ఎందుకంటే ఒకసారి పెట్టిన వీడియోలో కొంత భాగం కత్తిరించగలం కానీ దాని స్థానంలో కొత్తది పెట్టలేం. మాగాయ వీడియోలో గ్లాసుతో పాటు గ్రాముల అంకెలు తెర మీద వేసి, ముక్కలు ఆరబెట్టే భాగాన్ని అంతే నిడివితో ఉంచాలి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల గీత మారిందో తెలియదు. కొలతల దగ్గరి గుట్ట చదునై, ఆరబెట్టే చోట పతనం కూడా తగ్గితే మన లెక్క సరిగ్గా ఉన్నట్టే. గుట్ట పోయి పతనం అలాగే మిగిలితే ఆ భాగంలోనే ఇంకేదో ఉందన్నమాట. అప్పుడు మాగాయ ఎప్పుడూ పెట్టని మరో ముగ్గురిని పిలవాలి.