పదో వంతు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంటర్ మొదటి సంవత్సరం గణితంలో అవకలనం పాఠం పూర్తయ్యాక పెట్టే పరీక్షల్లో ఇలాంటి ప్రశ్న తరచూ కనిపిస్తుంది. y = √(x² + 9) అయితే, x = 4 దగ్గర దాని అవకలజం ఎంత? కింద నాలుగు ఆప్షన్లు: 1/10, 4/5, 8/5, 1/(4√2).

సరైన జవాబు 4/5. పొరపాటు పడిన పిల్లలు చాలాసార్లు గుర్తు పెట్టేది మాత్రం 1/10. దిద్దేవాళ్లు దాని మీద ఒక ఇంటూ కొట్టి ముందుకు వెళ్లిపోతారు. అక్కడ కాసేపు ఆగడం మంచిదని నా అభిప్రాయం. ఆ పదో వంతు గాల్లోంచి ఊడిపడలేదు. ఆ విద్యార్థి ఎంతవరకు సరిగ్గా వచ్చాడో, ఏ అడుగు దగ్గర ఆగిపోయాడో ఆ సంఖ్యలోనే ఉంది.

ముందు ప్రశ్న దేని గురించో చూద్దాం. ఒక తిన్నని రోడ్డు ఉంది. రోడ్డుకు 3 మీటర్ల దూరంలో ఒక వేపచెట్టు. చెట్టుకు సరిగ్గా ఎదురుగా రోడ్డు మీద నిలబడి, అక్కడి నుంచి రోడ్డు వెంట x మీటర్లు నడిచారనుకోండి. ఇప్పుడు మీకూ చెట్టుకూ మధ్య దూరం, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం, √(x² + 9) మీటర్లు. 4 మీటర్లు నడిస్తే చెట్టు 5 మీటర్ల దూరంలో ఉంటుంది. అవకలజం (ఒకటి కొంచెం మారినప్పుడు దాని మీద ఆధారపడిన మరొకటి ఎన్ని రెట్లు మారుతుందో చెప్పే సంఖ్య) అడుగుతున్నది ఇంతే: 4 మీటర్ల దగ్గర ఉన్నవాళ్లు ఇంకో చిటికెడు ముందుకు జరిగితే, చెట్టు ఎంత దూరమవుతుంది?

ఒక సెంటీమీటరు జరిగి చూద్దాం. x ఇప్పుడు 4.01. దాని వర్గం 16.0801. తొమ్మిది కలిపితే 25.0801. వర్గమూలం సుమారు 5.008. అంటే మనం జరిగింది 10 మిల్లీమీటర్లు, చెట్టు దూరమైంది 8 మిల్లీమీటర్లు. పదికి ఎనిమిది, అంటే 4/5. జవాబు 1/10 అయివుంటే చెట్టు ఒకే ఒక్క మిల్లీమీటరు దూరం కావాలి.

ఇక ఈ 8 మిల్లీమీటర్లు ఎలా తయారయ్యాయో చూడాలి. విషయమంతా అక్కడే ఉంది.

√(x² + 9) చూడటానికి ఒకే ముక్కలా కనిపిస్తుంది కానీ, అందులో పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట x ను వర్గం చేసి తొమ్మిది కలుపుతాం. వచ్చిన దాన్ని u అందాం. తర్వాత ఆ u కి వర్గమూలం తీస్తాం. అదే y. ఇలా ఒక ప్రమేయం ఇచ్చిన ఫలితాన్ని మరో ప్రమేయం అందుకుని పని చేస్తే దాన్ని సంయుక్త ప్రమేయం (ఒకదాని లోపల మరొకటి ఉన్న ప్రమేయం) అంటారు. ఇక్కడ లోపలిది x² + 9, బయటిది వర్గమూలం.

ఇప్పుడు ఆ సెంటీమీటరు ప్రయాణాన్ని ఒక్కో అంచె దగ్గరా పట్టుకుందాం. x మారింది 0.01. దానివల్ల u మారింది 25 నుంచి 25.0801 కి, అంటే సుమారు 0.08. మొదటి అంచెలో మార్పు ఎనిమిది రెట్లు పెరిగింది. ఇది కాకతాళీయం కాదు. x² + 9 అవకలజం 2x, x = 4 దగ్గర అది 8. రెండో అంచెలో u లో వచ్చిన 0.08 మార్పు, y కి చేరేసరికి 0.008 అయింది. అంటే పదో వంతుకు తగ్గింది. ఇదీ లెక్క ప్రకారమే. √u అవకలజం 1/(2√u), u = 25 దగ్గర అది 1/10.

ముందు ఎనిమిది రెట్లు పెరిగి, ఆ పెరిగినది పదో వంతుకు తగ్గింది. 8 × 1/10 = 4/5. చైన్ రూల్ (గొలుసు నియమం) చెప్పేది ఇదే. గొలుసులో ఒక్కో లంకె మార్పును తన పాలు తాను హెచ్చించో తగ్గించో తర్వాతి లంకెకు అందిస్తుంది. అందుకే అవకలజాలను కూడకుండా గుణిస్తాం.

ఇప్పుడు 1/10 ఆప్షన్‌కు వద్దాం. పైన రెండో అంచెలో మనకు వచ్చిన సంఖ్య సరిగ్గా అదే. ఆ విద్యార్థి వర్గమూలం సూత్రాన్ని సరిగ్గా గుర్తు పెట్టుకున్నాడు. 4 ను లోపల సరిగ్గా పెట్టాడు. వర్గమూలం సరిగ్గా తీశాడు. u మారితే y ఎంత మారుతుందన్న ప్రశ్నకు అతని జవాబులో వీసమెత్తు తప్పు లేదు. కాకపోతే అడిగింది x మారితే y ఎంత మారుతుందని. మనం నడిచింది రోడ్డు మీద, అతను కొలిచింది u నుంచి.

అందుకే తప్పు ఆప్షన్‌ను చదవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. సరైన జవాబును, గుర్తు పెట్టిన జవాబుతో భాగించాలి. 4/5 ను 1/10 తో భాగిస్తే 8. లోపలి ప్రమేయం x² + 9, దాని అవకలజం x = 4 దగ్గర 8. రెండూ కలిశాయి. జారిపోయిన లంకె ఏదో తెలిసిపోయింది.

అదే పద్ధతి 8/5 మీద ప్రయోగిస్తే భాగఫలం 1/2 వస్తుంది. ఇక్కడ లోపలి అవకలజం పోలేదు. వర్గమూలం సూత్రంలో ఉండే సగం పోయింది. ఈ విద్యార్థికి చైన్ రూల్ వచ్చు, √u సూత్రంలో కింద ఉండే 2 ను మరిచాడు. పైగా ఈ జవాబును లెక్క చేయకుండానే కొట్టిపారేయవచ్చు. రోడ్డు మీద ఒక మీటరు నడిస్తే చెట్టు ఒక మీటరు కంటే ఎక్కువ దూరం కావడానికి వీల్లేదు కదా. 8/5 అంటే ఒకటిన్నర పైనే.

నాలుగో ఆప్షన్ సంగతి వేరు. 4/5 ను 1/(4√2) తో భాగిస్తే 16√2/5 వస్తుంది. మన గొలుసులో ఎక్కడ వెతికినా ఆ సంఖ్య దొరకదు. అది లంకె జారిపోవడం వల్ల వచ్చిన జవాబు కాదు. ఈ విద్యార్థి బయటి సూత్రం వేస్తూ, వర్గమూలం లోపల ఉన్న x² + 9 ను తీసేసి దాని చోట 2x పెట్టాడు: 1/(2√(2x)). అంటే గుణించాల్సిన దాన్ని తీసుకెళ్లి లోపల కూర్చోబెట్టాడు. బయటి ప్రమేయాన్ని అవకలనం చేసేటప్పుడు లోపలిది కదలకుండా ఉండాలన్న సంగతి ఇతనికి ఇంకా పట్టుబడలేదు. మొదటివాడికి ‘లోపలి అవకలజంతో గుణించు’ అని గుర్తు చేస్తే చాలు. ఇతనికి ఆ మాట చెబితే లోపల 2x అలాగే ఉంచి, బయట మళ్లీ 2x తో గుణించే ప్రమాదం ఉంది. ఇతనితో u అని వేరే అక్షరం పెట్టించి, రెండు అంచెలూ విడివిడిగా రాయించాలి.

ఈ పద్ధతికి హద్దు లేకపోలేదు. భాగఫలం లోపలి అవకలజంతో కలిసినంత మాత్రాన అది రుజువు కాదు. జవాబు తోచక కళ్లు మూసుకుని 1/10 పెట్టినవాళ్లూ ఉండవచ్చు. ఎంసెట్ పేరు మారి వచ్చిన ఈఏపీసెట్‌లో తప్పుకు మార్కులు కోయరు కాబట్టి గుడ్డిగా పెట్టడం మామూలే. ఒక్క ప్రశ్నను బట్టి ఏమీ తేల్చలేం. మూడు నాలుగు సంయుక్త ప్రమేయాల ప్రశ్నల్లో ప్రతిసారీ భాగఫలం లోపలి అవకలజమే అవుతుంటే మాత్రం అది అలవాటు. పరీక్ష తర్వాత విడుదల చేసే రెస్పాన్స్ షీటులో మనం పెట్టిన ఆప్షన్, కీలో సరైన ఆప్షన్ దొరుకుతాయి కాబట్టి ఈ భాగహారం ఇంట్లో కూర్చుని ఎవరికి వారే చేసుకోవచ్చు.

ఇంతకీ ఈ అలవాటు అంత కాలం బయటపడకుండా ఎలా ఉండిపోతుంది? లోపలి అవకలజం 1 అయినప్పుడు దాన్ని మరిచినా జవాబు సరిగ్గానే వస్తుంది. √(x + 9) తీసుకోండి. లోపలి x + 9 అవకలజం 1. గుణించినా, గుణించకపోయినా 1/(2√(x + 9)). sin(x + 5), (x − 2)⁷ కూడా అంతే. √x, sin x లాంటి వాటిలోనైతే లోపల ఉన్నది వట్టి x. మొదటి అభ్యాసాల్లో ఎక్కువ లెక్కలు ఈ తరహావే. అక్కడ విద్యార్థి సరైన దారిలో వచ్చాడా, సగం దారిలో ఆగాడా అన్నది జవాబు చెప్పదు. రెండు దారులూ ఒకే చోటికి చేరతాయి. ఇలా యాభై లెక్కలు సరిగ్గా చేసినవాడు యాభై ఒకటో లెక్కలో, లోపల 3x రాగానే తప్పుతాడు. నిజానికి అతను కొత్తగా చేసిన తప్పేమీ లేదు, ముందు నుంచీ ఉన్నదే ఇప్పుడు కనబడింది. అందుకని చైన్ రూల్ నేర్పిన రోజే √(x + 9) పక్కన √(3x + 9) ను, √(9 − x) ను పెట్టి చేయించడం మేలు. మూడోదాంట్లో లోపలి అవకలజం −1 కాబట్టి, లంకె జారితే సంఖ్య మారదు, గుర్తు మాత్రమే మారుతుంది. మరిచిన సంగతి గుర్తు తేడా వెనక దాక్కుంటుంది. విద్యార్థి దాన్ని ‘మైనస్ మిస్సయింది’ అని సరిపెట్టుకుంటాడు.

చరిత్రలోనూ ఈ నియమం మొదలైంది మన ప్రశ్న లాంటి లెక్కతోనే. కలనగణితాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన లైబ్నిట్జ్ 1676లో రాసుకున్న ఒక పత్రంలో √(a + bz + cz²) కి అవకలజం కనుక్కోవడానికి ఇదే దారి పట్టాడు. వర్గమూలం ఒక అంచె, లోపలి బహుపది ఇంకో అంచె. ఆ లెక్కలో ఆయన ఒక గుర్తు తప్పు వేశాడు కూడా. అయితే లోపలి అవకలజంతో గుణించడం మాత్రం ఆయన మరిచిపోలేదు.

లోపలి ప్రమేయం ఎదురుగా ఉన్నా కనిపించని చోటు ఒకటుంది. y = sin x° అయితే, x = 60 దగ్గర అవకలజం ఎంత? ఆప్షన్లలో 1/2 ఉంటుంది, π/360 ఉంటుంది. sin అవకలజం cos అనే సూత్రం కోణాన్ని రేడియన్లలో (180 డిగ్రీలకు π వచ్చే కొలత) కొలిచినప్పుడే పని చేస్తుంది. కాబట్టి sin x° లోపల నిజంగా ఉన్నది x కాదు, πx/180. దాని అవకలజం π/180. cos 60° = 1/2 ను దానితో గుణిస్తే π/360. చాలామంది 1/2 దగ్గరే ఆగిపోతారు. π/360 ను 1/2 తో భాగించి చూడండి, π/180 బయటపడుతుంది. ప్రశ్నలో ఆ లంకె మొత్తం ఉన్నది x పక్కన, పైన పెట్టిన ఆ చిన్న సున్నాలోనే.